బోనస్ 50,000 వస్తే చేతికి మైనస్ 2,000. ఇదేం లెక్కండీ?

ఆకివీడు_శీను
అందరికీ నమస్కారం. భీమవరం దగ్గర రొయ్యల ఎగుమతి కంపెనీలో క్వాలిటీ విభాగంలో పని చేస్తున్నాను. ఏడాదికి గ్రాస్ జీతం 12,75,000. కొత్త పన్ను విధానమే ఎంచుకున్నాను కాబట్టి ఏప్రిల్ నుంచి జనవరి వరకు పేస్లిప్‌లో ఇన్‌కమ్ ట్యాక్స్ గడి ఖాళీ. ఫిబ్రవరిలో 50,000 బోనస్ ఇచ్చారు. ఇంట్లో ఫ్రిజ్ మార్చుదామని కూడా అనుకున్నాం. తీరా పేస్లిప్ చూస్తే అదే గడిలో 26,000 ఉంది. అకౌంట్స్‌లో అడిగితే "మార్చిలో ఇంకో 26,000 పడుతుందండి" అన్నాడు కుర్రాడు. మొత్తం 52,000. బోనస్ ఇచ్చింది 50,000.

తప్పు పడిందేమో మళ్లీ చూడమన్నాను. సాఫ్ట్‌వేర్ అంతే చూపిస్తోందన్నాడు. 15 శాతం శ్లాబులో ఉన్నవాడికి ఏడెనిమిది వేలు పోవాలి గానీ ఇదేంటి? ఎవరైనా తెలిసినవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

డెల్టా_బుల్లోడు
ఇందులో వింతేముంది గురూ. 12 లక్షలు దాటావు, 15 శాతం శ్లాబులో పడ్డావు. ఇక మొత్తం జీతం మీద 15 శాతం వేస్తారు. మా బావమరిదికీ ఇంతే అయింది. అందుకే శ్లాబు అంచున ఉన్నవాడు బోనస్ వద్దని రాసిచ్చేయాలి. వచ్చే ఏడాది నుంచి అలా చెయ్.

తణుకు_లెక్కలు
బుల్లోడు గారూ, మొత్తం జీతం మీద 15 శాతం వేస్తే శీను గారికి 1,87,500 పడాలి. పడింది 52,000. కాబట్టి జరుగుతున్నది అది కాదు. శ్లాబు దాటితే దాటిన భాగం మీదే ఆ రేటు. ఇందులో ఏ మార్పూ లేదు.

శీను గారూ, మీ అకౌంట్స్ కుర్రాడి లెక్క సరిగ్గానే ఉంది. ఇరవై ఏళ్లుగా రిటర్నులు వేస్తున్నాను, ఈ సంవత్సరం ఈ ప్రశ్న అడిగినంతమంది ఇంకే ప్రశ్నా అడగలేదు. కొంచెం ఓపిగ్గా చూడండి.

మీ 12,75,000లో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీస్తే పన్ను లెక్కకు మిగిలేది సరిగ్గా 12,00,000. 2025-26 శ్లాబుల ప్రకారం మొదటి 4 లక్షలకు ఏమీ లేదు, తర్వాతి 4 లక్షలకు 5 శాతం అంటే 20,000, ఆ తర్వాతి 4 లక్షలకు 10 శాతం అంటే 40,000. మొత్తం 60,000. అంటే 12 లక్షల మీద కూడా పన్ను పుడుతుంది. కాకపోతే ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 87ఏ కింద ఆ 60,000నూ రిబేటుగా వెనక్కి ఇచ్చేస్తారు కాబట్టి కట్టేది సున్నా. "12 లక్షల దాకా పన్ను లేదు" అని పేపర్లు రాసింది ఈ రిబేటు గురించే.

ఇప్పుడు బోనస్ కలిపితే 12,50,000. శ్లాబుల లెక్కన పన్ను 67,500. ఆదాయం 12 లక్షలు దాటింది కాబట్టి పూర్తి రిబేటు రాదు. అయితే చట్టంలో మార్జినల్ రిలీఫ్ అని ఒకటి ఉంది. 12 లక్షల మీద ఎంత ఎక్కువ వచ్చిందో, పన్ను అంతకు మించకూడదు అన్నది దాని సారం. మీకు ఎక్కువ వచ్చింది 50,000, కాబట్టి పన్ను 50,000 దగ్గర ఆగింది. 67,500కీ 50,000కీ తేడా 17,500 మీకు మిగిలిన రిబేటు. బోనస్‌కు ముందు 60,000 ఉన్న రిబేటు 17,500కు పడిపోయింది. ఆ 50,000 పన్ను మీద 4 శాతం సెస్ 2,000. అదీ మీ 52,000.

ఆకివీడు_శీను
చాలా థాంక్సండీ. రాసిన తీరు అర్థమైంది. కానీ పన్ను రేటు 15 శాతమే అయినప్పుడు ఈ 100 శాతం ఎక్కడి నుంచి వచ్చింది? ఏ శ్లాబు టేబుల్లోనూ 100 అనే అంకె లేదు కదా.

తణుకు_లెక్కలు
టేబుల్లో ఉండదు. అసలు చిక్కు అక్కడే. మీ బోనస్‌లో ఒక్క రూపాయిని పట్టుకుని చూడండి. ఆ రూపాయి మీద శ్లాబు ప్రకారం 15 పైసలు పన్ను. అదే రూపాయి వచ్చినందుకు మీ రిబేటులోంచి 85 పైసలు వెనక్కి తీసుకున్నారు. 50,000కు ఆ 85 పైసలు లెక్కేయండి, 42,500. రిబేటు 60,000 నుంచి 17,500కు తగ్గింది సరిగ్గా అంతే. 15, 85 కలిస్తే రూపాయి. దాని మీద సెస్ 4 పైసలు. రూపాయి సంపాదిస్తే రూపాయి నాలుగు పైసలు పోయింది.

పేరుకు మొదటిది పన్ను, రెండోది రాయితీ తగ్గింపు. మీ జేబుకు రెండూ ఒకటే. ఇంకో రూపాయి సంపాదిస్తే చేతికి ఎంత వస్తుంది అని అడిగినప్పుడు శ్లాబు రేటు ఒక్కటీ చూస్తే ఎప్పుడూ తప్పే వస్తుంది. ఆ రూపాయి వల్ల ఏ రాయితీ ఎంత కరిగిందో కూడా కలపాలి.

డెల్టా_బుల్లోడు
నేను చెప్పింది కూడా అదేగా చివరికి. బోనస్ తీసుకుంటే నష్టం. అయినా మార్జినల్ రిలీఫ్ పెట్టిందే నష్టం రాకూడదని కదా? వచ్చినదాన్ని మించి పన్ను ఉండకూడదని మీరే రాశారు. మరి 2,000 ఎక్కువ ఎలా పట్టారు? అది తప్పే. శీనూ, కంపెనీ మీద కంప్లైంట్ పెట్టు.

తణుకు_లెక్కలు
కంప్లైంట్ దాకా వెళ్లకండి. రిలీఫ్ ఇచ్చేది పన్నుకు. సెస్‌ను రిలీఫ్ తర్వాత మిగిలిన పన్ను మీద వేస్తారు. అందుకే నష్టం ఉండదన్న మాట సెస్ దగ్గర తప్పుతుంది. 10,000 ఎక్కువ వస్తే 10,400, 50,000 ఎక్కువ వస్తే 52,000. రిటర్ను దాఖలు చేసే పోర్టల్లోనూ ఇంతే చూపిస్తుంది.

నరసాపురం_సత్తిబాబు
అయ్యా రొయ్యల కంపెనీ అన్నారు కాబట్టి అడుగుతున్నాను. నాకు మొగల్తూరు వైపు ఆరెకరాల చెరువు ఉంది, వనామి వేస్తాను. చెరువు వ్యవసాయం కిందకే వస్తుంది, పన్ను లేదు అని మా ఊళ్లో అందరూ అంటారు. ఈ 12 లక్షల గొడవ మాకు ఉండదు కదా? కౌంట్ బాగా పడితే ఒక్క పంటకే దాటేస్తాం. పడకపోతే అప్పే అనుకోండి.

తణుకు_లెక్కలు
సత్తిబాబు గారూ, వరి, కొబ్బరి అయితే వ్యవసాయ ఆదాయం. చెరువులో రొయ్య, చేప పెంచితే అది వ్యాపార ఆదాయం, పన్ను ఉంటుంది. 12 లక్షల రిబేటు మీకూ వర్తిస్తుంది గానీ స్టాండర్డ్ డిడక్షన్ 75,000 ఉండదు, అది జీతగాళ్లకే. మేత, సీడ్, కరెంటు, డీజిల్, చెరువు లీజు బిల్లులన్నీ జాగ్రత్త చేసుకోండి. మిగతాది వేరే థ్రెడ్ పెట్టండి, అక్కడ మాట్లాడదాం.

పాలకొల్లు_పద్మ
మా ఇంట్లో జరిగింది కూడా ఇదేనా అన్నది చెప్పండి సార్. మావారు టీచరు. స్టాండర్డ్ డిడక్షన్ పోగా ఆయన ఆదాయం 11,96,000 అని ఆఫీసులో లెక్క వేశారు, టీడీఎస్ ఏమీ కోయలేదు. పాప పెళ్లికని ఆయన పేరు మీద ఒక ఎఫ్‌డీ ఉంది, దాని మీద ఈ ఏడాది వడ్డీ 15,000. బ్యాంకు వాళ్లూ ఏమీ కోయలేదు. కాబట్టి మాకు ఏమీ కట్టనక్కర్లేదనే అనుకుంటున్నాం. కరెక్టేనా?

తణుకు_లెక్కలు
కాదమ్మా. మంచి సమయంలో అడిగారు. ఆఫీసు వాళ్లకు ఎఫ్‌డీ సంగతి మీరు చెబితే తప్ప తెలియదు. ఎఫ్‌డీ వడ్డీ ఏడాదికి 50,000 దాటితేనే బ్యాంకు టీడీఎస్ కోస్తుంది, అందుకే అక్కడా కోయలేదు. అంటే వడ్డీకి పన్ను లేదని కాదు. రెండూ కలిపితే 12,11,000. వడ్డీలో మొదటి 4,000 వల్ల మీకు ఏమీ కాదు, 12 లక్షల లోపలే ఉంది. తర్వాతి 11,000కు పన్ను 11,000, సెస్ 440. మొత్తం 11,440. పదిహేను వేల వడ్డీలో మీకు మిగిలేది 3,560.

ఇంకో సంగతి. కట్టాల్సింది 10,000 అయినా, అంతకు మించినా అడ్వాన్స్ ట్యాక్స్ కట్టాలి. మార్చి 31 లోపు చలానా కట్టేయండి. జులైలో రిటర్ను వేసేటప్పుడు చూద్దాంలే అనుకుంటే పైన వడ్డీ పడుతుంది.

పాలకొల్లు_పద్మ
అమ్మో. ఎఫ్‌డీ నా పేరు మీదకు మార్చేస్తే సరిపోతుందా? నాకు వేరే ఆదాయం ఏమీ లేదు.

తణుకు_లెక్కలు
ఆయన డబ్బు ఊరికే మీ పేరు మీదకు మారిస్తే దాని మీద వచ్చే వడ్డీ మళ్లీ ఆయన ఆదాయంలోనే కలుపుతారు. భార్యాభర్తల మధ్య ఈ దారి మూసేశారు. మీ పుట్టింటి వాళ్లు ఇచ్చిన డబ్బు, మీరు సంపాదించిన డబ్బు అయితే వేరు.

లీడ్స్_గోదారోడు
మాది ముక్కామల, ఇప్పుడు ఇంగ్లండులో ఆసుపత్రి ఉద్యోగం. ఇది చదువుతుంటే ఇక్కడ మా డాక్టర్లందరూ డ్యూటీ రూంలో మాట్లాడుకునే విషయమే మన దగ్గరా ఉందని తెలిసింది.

ఇక్కడ ప్రతివాడికీ మొదటి 12,570 పౌండ్లకు పన్ను లేదు. ఆదాయం లక్ష పౌండ్లు దాటితే, దాటిన ప్రతి 2 పౌండ్లకు ఆ మినహాయింపులో 1 పౌండు తీసేస్తారు. 1,25,140 దగ్గరికి వచ్చేసరికి మొత్తం పోతుంది. 2010 ఏప్రిల్ నుంచి ఈ పద్ధతి. నేను అదనపు షిఫ్టులు చేసి లక్ష మీద పదివేలు సంపాదించాననుకోండి. ఆ పదివేల మీద 40 శాతం, 4,000. మినహాయింపులో 5,000 పోయింది కాబట్టి ఆ 5,000 మీద కూడా 40 శాతం, ఇంకో 2,000. నేషనల్ ఇన్సూరెన్స్ 2 శాతం, 200. పదివేలలో నాకు మిగిలేది 3,800. శ్లాబు టేబుల్లో 40, తర్వాత 45 ఉంటాయి. 60 ఎక్కడా ఉండదు. కానీ లక్ష నుంచి లక్షా పాతిక వేల మధ్య ఉన్నవాడు ఇన్సూరెన్స్ కాకుండానే కట్టేది 60. అది దాటినవాడికి మళ్లీ 45కు తగ్గుతుంది. నాకన్నా పెద్ద డాక్టరు తన తర్వాతి పౌండు మీద నాకన్నా తక్కువ కడతాడు. నైట్ షిఫ్టులకు మనిషి దొరకడం లేదంటే దొరుకుతాడా మరి.

డెల్టా_బుల్లోడు
లక్ష పౌండ్లట. మీ కష్టాలు మాకు రావాలి బాబూ.

తణుకు_లెక్కలు
లీడ్స్ గారి ఉదాహరణ మనదానితో పక్కపక్కన పెడితే ఒక విషయం బాగా కనిపిస్తుంది. వాళ్ల మినహాయింపు విలువ 12,570లో 40 శాతం, అంటే 5,028 పౌండ్లు. దాన్ని 25,140 పౌండ్ల పొడవునా లాగుతారు, పౌండుకు 20 పెన్నీల చొప్పున. మన రిబేటు విలువ 60,000. దాన్ని 70,588 రూపాయల పొడవులోనే లాగేస్తారు, రూపాయికి 85 పైసల చొప్పున. ఎంత తక్కువ దూరంలో వెనక్కి తీసుకుంటే అంత ఎక్కువ రేటు.

70,588 ఎలా వచ్చిందంటే, 12 లక్షల పైన వచ్చిన మొత్తం ఎక్కడైతే శ్లాబు పన్నుతో సమానమవుతుందో అక్కడ రిబేటు పూర్తిగా అయిపోతుంది. 70,588లో 15 శాతం 10,588, దానికి 60,000 కలిపితే మళ్లీ 70,588. అంటే 12,70,588 దాటాక మామూలు 15 శాతమే, సెస్‌తో 15.6. కానీ అప్పటిదాకా కట్టిన సెస్ వల్ల మీరు 2,800 పైచిలుకు వెనకబడి ఉంటారు. ఆ వెనకబాటు తీరేది 12,73,934 దగ్గర. శీను గారి భాషలో చెప్పాలంటే గ్రాస్ జీతం 13,48,934 అయినప్పుడు, 12,75,000 ఉన్నప్పుడు చేతికి వచ్చినంతే వస్తుంది. మధ్యలో ఉన్న 73,934 రూపాయల జీతం మొత్తానికి మీకు మిగిలేది సున్నా.

ఆకివీడు_శీను
అంటే ఏప్రిల్‌లో నాకు 6 శాతం ఇంక్రిమెంట్ ఇస్తే సరిగ్గా అదే గుంటలో పడతానన్నమాట. 76,500 పెరుగుతుంది.

తణుకు_లెక్కలు
ఇవే శ్లాబులు ఉంటే, దాదాపు మొత్తం పోతుంది. రెండు వేల పైన ఏదో మిగులుతుంది. కానీ దీన్ని బట్టి ఇంక్రిమెంట్ వద్దనకండి. జీతం ఒక్కసారి 2 లక్షలు పెరిగి పన్ను ఆదాయం 14 లక్షలైతే పన్ను 93,600, చేతికి 1,06,400 అదనంగా వస్తుంది. ఇంచుమించు సగం. పైగా పై ఏడాది ఇంక్రిమెంట్ ఈ ఏడాది జీతం మీదే లెక్కేస్తారు. గుంటలో ఉండేది ఒకటి రెండేళ్లు, జీతం పునాది మాత్రం ఎప్పటికీ ఉంటుంది.

రాజోలు_మాష్టారు
రిటైరైన లెక్కల మాష్టారిని. ఇంత సేపూ చదివాను. నెలకు లక్ష పైన సంపాదించేవాళ్లు బోనస్ పోయిందని బాధపడుతున్నారు, పడండి, తప్పులేదు. కానీ మీకు మార్జినల్ రిలీఫ్ అనే వాలైనా ఉంది. అది లేనివాళ్లకు నిట్టనిలువు గోడే.

మా వీధిలో ఒక అమ్మాయి రొయ్యల ప్లాంటులో గ్రేడింగుకు వెళుతుంది. చలి గదిలో రబ్బరు బూట్లు వేసుకుని నిలబడే పని. భర్త మగ్గం నేస్తాడు. ఇద్దరు పిల్లలు బడిలో ఉన్నారు. బియ్యం కార్డుకైనా తల్లికి వందనానికైనా పల్లెలో కుటుంబ ఆదాయం నెలకు 10,000 దాటకూడదు, పట్నంలో 12,000. వాళ్లది కాగితం మీద 9,800. ప్లాంటులో నెలకు 500 పెంచుతామన్నారు. పెంచితే 10,300. ఏడాదికి వచ్చేది 6,000. పోయేది తల్లికి వందనం కింద ఒక్కో పిల్లకు 13,000 చొప్పున 26,000. బియ్యం లెక్క వేయనే లేదు. ఇరవై వేలు నష్టం. శీను గారికి రూపాయికి రూపాయి నాలుగు పైసలు పోయాయి. ఆ అమ్మాయికి రూపాయికి నాలుగు రూపాయల 33 పైసలు. నష్టం లేకుండా ఉండాలంటే నెలకు కనీసం 2,167 పెంచాలి. ఎవడు పెంచుతాడు?

ఆ అమ్మాయి ఏం చేసిందంటే, పెంపు వద్దనలేదు. ఆ 500 చేతికి ఇమ్మంది, పేస్లిప్‌లో రాయొద్దంది. దాంతో దాని మీద పీఎఫ్ కూడా పోయింది.

డెల్టా_బుల్లోడు
మాష్టారూ మీరు ఎప్పుడూ ఇంతే, ఏ మాట మొదలుపెట్టినా పేదవాళ్ల దగ్గరికి తీసుకెళతారు. అయినా పథకాలు ఉచితంగా వచ్చేవి. పోతే పోయిందని పన్ను కింద ఎలా లెక్కేస్తారు? పన్ను వేరు, పథకం వేరు.

రాజోలు_మాష్టారు
తణుకు ఆయన ఇందాక చెప్పినది మళ్లీ చదువు నాయనా. శీను రిబేటు కూడా ప్రభుత్వం ఇచ్చేదే. దాన్ని లాక్కుంటే నువ్వు నష్టం అన్నావు. దీన్ని లాక్కుంటే ఉచితం అంటున్నావు.

తణుకు_లెక్కలు
లెక్క వరకు మాష్టారిది సరైనదే. అలాంటి గోడ పన్నులో కూడా ఉంది. పాత విధానంలో 5 లక్షల దాకా 12,500 రిబేటు. అక్కడ మార్జినల్ రిలీఫ్ లేదు. 5,00,000 ఉన్నవాడికి సున్నా, 5,00,010 ఉన్నవాడికి 13,000. పది రూపాయలకు పదమూడు వేలు. కొత్త విధానంలో రిబేటు 7 లక్షల దాకా పెంచిన 2023లో కూడా మొదట గోడే ఉంది. తర్వాత రిలీఫ్ చేర్చి దాన్ని సరిచేశారు.

లీడ్స్_గోదారోడు
మరి అన్నిచోట్లా మెల్లగా తగ్గించుకుంటూ పోవచ్చు కదా? రూపాయికి 85 పైసలు ఎందుకు, 40 పైసలు లాగితే ఏం పోయింది?

తణుకు_లెక్కలు
లాగవచ్చు. 60,000ను 40 పైసల చొప్పున లాగితే 1,50,000 పొడవు కావాలి. 13,50,000 దాకా అందరికీ ఎంతో కొంత రిబేటు ఉంటుంది. శ్లాబు 15 కలిపి 55 పైసలు పోతాయి, 45 మిగులుతాయి. శీను గారికి 50,000లో సెస్ కూడా పోగా 21,400 చేతికి వచ్చేది. కానీ ఇప్పుడు 12,70,588 దాటి పూర్తి పన్ను కడుతున్నవాళ్లకు కూడా రిబేటు ఇవ్వాలి కాబట్టి ఖజానాకు ఖర్చు. 55 పైసల రేటు కూడా ఇప్పుడు 15 పైసలు కడుతున్న కొందరి మీద పడుతుంది. 12,71,000 నుంచి 13,50,000 మధ్య ఉన్నవాళ్లకు మొత్తం పన్ను తగ్గుతుంది, కానీ తర్వాతి రూపాయి మీద రేటు పెరుగుతుంది. కొద్దిమందిని గట్టిగా కొట్టాలా, ఎక్కువమందిని కాస్త మెల్లగా కొట్టాలా అన్నదే ప్రశ్న. రిబేటే ఎత్తేసి, శ్లాబులే మార్చి అందరికీ ఇచ్చేస్తే గుంట ఉండదు. అప్పుడు కోటి సంపాదించేవాడికి కూడా ఆ 60,000 ఇచ్చినట్లే.

రాజోలు_మాష్టారు
పథకాలకైతే పదివేలు దాటగానే మొత్తం కోసేయకుండా, దాటిన రూపాయికి 50 పైసల చొప్పున తగ్గించవచ్చు. ఆ అమ్మాయికి ఏడాదికి గీత దాటింది 3,600, కాబట్టి 26,000లో 1,800 తగ్గితే చాలు.

తణుకు_లెక్కలు
అక్కడ నాకు అనుమానం ఉంది మాష్టారూ. పన్నుకు పేస్లిప్, బ్యాంకు వడ్డీ, అన్నీ రూపాయితో సహా కనిపిస్తాయి. కూలి ఆదాయం అలా కనిపించదు. అందుకే వాళ్లు కరెంటు యూనిట్లు 300, కారు ఉందా లేదా, భూమి ఎంత అని చూస్తారు. అవన్నీ ఉంది, లేదు అని చెప్పేవి. వాటిని పైసల్లో తగ్గించడం ఎలా? ఆదాయం కొలవలేనిచోట గోడే కడతారు.

రాజోలు_మాష్టారు
కొలవలేమంటూనే పదివేలు అనే గీత గీశారుగా. గీయగలిగితే కొలిచినట్లే. నేను ఒప్పుకోను.

ఆకివీడు_శీను
పెద్దవాళ్లు చర్చించుకోండి. నాకు మాత్రం మార్చి నెల మిగిలి ఉంది. ఈ 52,000 తప్పించుకునే దారేమైనా ఉందా? ఎల్‌ఐసీ కడితే?

తణుకు_లెక్కలు
కొత్త విధానంలో ఎల్‌ఐసీ, పీపీఎఫ్, ఇంటి అద్దె ఏవీ పనికిరావు. పనికివచ్చేది ఒకటి ఉంది. ఎన్‌పీఎస్ అనే పెన్షన్ పథకంలో కంపెనీ మీ తరఫున వేసే వాటా. మీ బేసిక్, డీఏ మీద 14 శాతం దాకా పన్ను ఆదాయంలోంచి తీసేస్తారు. మీ బేసిక్ ఎంత?

ఆకివీడు_శీను
ఏడాదికి 6,37,500. డీఏ లేదు.

తణుకు_లెక్కలు
14 శాతం అంటే 89,250. మీకు కావాల్సింది 50,000, సరిపోతుంది. మార్చి జీతంలో 50,000 తగ్గించి ఆ మొత్తాన్ని కంపెనీ ఎన్‌పీఎస్ వాటాగా వేస్తే మీ పన్ను ఆదాయం మళ్లీ 12,00,000. పన్ను సున్నా. ఫిబ్రవరిలో కోసిన 26,000 రిటర్ను వేసినప్పుడు రీఫండ్ వస్తుంది. ఎన్‌పీఎస్‌లో 50,000 ఉంటుంది, 52,000 పన్ను తప్పుతుంది. ఇలాంటి గుంటలో లేనివాడికి ఇంత లాభం ఉండదు.

రెండు జాగ్రత్తలు. మీరు సొంతంగా ఎన్‌పీఎస్ ఖాతాలో వేసుకుంటే కొత్త విధానంలో ఏమీ తగ్గదు, కంపెనీ వాటాగానే వెళ్లాలి. రెండోది, ఆ డబ్బు ఏళ్ల తరబడి చాలావరకు అక్కడే ఉండిపోతుంది. ఫ్రిజ్ కొనడానికి రాదు.

బోనస్ ఏప్రిల్‌లో ఇమ్మంటే సరిపోతుంది కదా అని కూడా అడుగుతారు. ఒకసారి రావాల్సిందిగా ఖాయమైతే, తీసుకోకపోయినా ఈ ఏడాది జీతమే.

ఆకివీడు_శీను
అకౌంట్స్‌లో అడిగాను. మా కంపెనీ కార్పొరేట్ ఎన్‌పీఎస్‌లో లేదట. చేరడానికి ఎంత పడుతుందో హెచ్‌ఆర్ మేడమ్ కనుక్కుని చెబుతానన్నారు. మాలాంటి వాళ్లు క్వాలిటీలో ముగ్గురం, ప్రొడక్షన్‌లో ఇంకొందరు ఉన్నాం కాబట్టి అందరం కలిసి అడుగుతున్నాం. మార్చి 31 లోపు అవుతుందో లేదో చూడాలి.

అంబాజీపేట_కొబ్బరి
మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. నాకు జీతం ద్వారా పన్ను ఆదాయం 11,80,000, కొబ్బరి తోట మీద 2,00,000. తోటకు పన్ను లేదు కాబట్టి నేను 12 లక్షల లోపే ఉన్నాను, మీ గుంట నాకు లేదు. అంతేనా తణుకు గారూ?

తణుకు_లెక్కలు
మీ గుంట వేరేచోట ఉంది. కొబ్బరి మీద పన్ను లేదు గానీ, జీతం మీద రేటు ఎంత అన్నది తేల్చడానికి కొబ్బరిని కలుపుతారు. 13,80,000 మీద పన్ను 87,000. దాంట్లోంచి కొబ్బరి 2,00,000కు 4 లక్షలు కలిపి, ఆ 6 లక్షల మీద పన్ను 10,000 తీసేస్తారు. మిగిలింది 77,000. రిబేటు 60,000కు మించదు. కాబట్టి 17,000, సెస్ 680. కొబ్బరి లేకపోతే మీరు కట్టేది సున్నా.

అంబాజీపేట_కొబ్బరి
తోట మా అమ్మ పేరు మీద ఉందండి. డబ్బులు మాత్రం నా ఖాతాలో పడతాయి, వ్యాపారికి నా నంబరే ఇచ్చాం.

తణుకు_లెక్కలు
అయితే ఈ వారమే వ్యాపారికి ఆవిడ ఖాతా నంబరు ఇవ్వండి. తోట పాసుపుస్తకం ఎవరి పేరున ఉందో, పంట డబ్బు ఎవరిదో ముందు అది చూద్దాం. పత్రాలు పట్టుకుని ఒకసారి రండి.